బ్రాండ్ ఆఫర్ వద్దంటూ పోస్టు పెట్టాలి. డ్రాఫ్ట్ రాశాను, చూసి చెప్పండి

మెట్లెక్కేపిల్ల
ఇంట్లో చేసుకునే వ్యాయామాల ఛానల్ నాది. బరువులెత్తడం, మెట్లెక్కడం, నడక, అంతే. ‘పది రోజుల్లో పొట్ట మాయం’ లాంటి థంబ్‌నెయిల్ ఇంతవరకూ పెట్టలేదు. ఈమధ్య ఒక ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది, ఒక డిటాక్స్ టీకి కొలాబ్ చేయమని. రీల్స్, స్టోరీలు, స్క్రిప్టు అంతా వాళ్ళదే. స్క్రిప్టులో నేను చెప్పాల్సిన మొదటి మాట ‘వర్కవుట్ కుదరని రోజుల్లో నా సీక్రెట్ ఇదే’. అది చదివాక మనసొప్పలేదు. ఈలోపు అడక్కుండానే ఒక డబ్బా కూడా పంపేశారు. సీలు తీయలేదు.

నా రంగంలో చాలామంది ఇదే టీ చూపిస్తున్నారు. దాంతో నా కామెంట్లలో రోజూ ‘అక్కా, మీరెప్పుడు చెప్తారు దీని గురించి’ అని అడుగుతున్నారు. అందుకే వద్దన్నానని ఒక పోస్టు పెట్టేద్దామని ఉంది. బ్రాండ్‌ని కించపరచకూడదు, గొడవ అవకూడదు. మొహమాటం లేకుండా చెప్పండి:

“ఈ వారం ఒక పెద్ద బ్రాండ్ ఇచ్చిన భారీ ఆఫర్‌ని తిరస్కరించాను. డబ్బు ముఖ్యమే, కానీ నా విలువలు అంతకన్నా ముఖ్యం. నన్ను నమ్మిన మీ ఆరోగ్యంతో ఆడుకోలేను. కొందరిలా అమ్ముడుపోవడం నాకు చేతకాదు. ఆ బ్రాండ్‌కి ఆల్ ది బెస్ట్.”

నవ్వులచంద్రం
ఆఖర్న ఆ ఆల్ ది బెస్ట్ ఉందే, చెంప మీద ఒక్కటిచ్చి ‘నొప్పేసిందా నాన్నా’ అని అడిగినట్టుంది.

కొత్తఛానల్
అసలు కొలాబ్ రావాలంటే ఎంతమంది ఫాలోవర్లు ఉండాలండీ? నాకింతవరకూ ఒక్క మెయిలూ రాలేదు.

నవ్వులచంద్రం
తమ్ముడూ, ఇక్కడ వచ్చినదాన్ని ఎలా వదిలించుకోవాలా అని తల పట్టుకున్నాం. నువ్వు పక్క గదిలో అడుగు.

మూడోకన్ను
డ్రాఫ్ట్ బాగానే ఉంది కానీ పేరేది? పేరు చెప్పకపోతే ఎవరికి ఉపయోగం? స్క్రీన్‌షాట్ పెట్టేయండి, జనమే తేల్చుకుంటారు. మీరు ఒప్పందం మీద సంతకం పెట్టలేదుగా, దాచాల్సిన పనేముంది?

లాపాయింటు
పేరు పెట్టారా, పరువునష్టం కేసు ఖాయం. బ్రాండ్ల గురించి నెట్‌లో ఏం రాసినా కేసే.

తెరవెనుకమనిషి
ఏజెన్సీలో చాలాకాలం పనిచేశాను. ఇలాంటి జవాబులు అందుకునే సీట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి అటువైపు నుంచి చెప్తాను.

లాపాయింటు గారు సగం కరెక్ట్. ‘నాకు నచ్చలేదు, చేయను’ అంటే ఎవరూ కోర్టుకు వెళ్ళరు. తంటా వచ్చేది ‘ఆరోగ్యంతో ఆడుకోవడం’ దగ్గర. ఆ మాటకు అర్థం ఆ టీ ప్రమాదకరమని. అది మీ అభిప్రాయంలా కాదు, ఒక ఆరోపణలా వినిపిస్తుంది. రుజువు చూపించమంటే మీ దగ్గరేముంది, సీలు కూడా తీయని డబ్బా.

మూడోకన్ను గారూ, సంతకం లేదన్నంత మాత్రాన స్క్రీన్‌షాట్ పెట్టెయ్యడమేనా? ఆ మెయిల్లో ఒక ఉద్యోగి పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. బ్రీఫ్‌లో ఇంకా బయటికి రాని ప్రచారం తేదీలు ఉంటాయి. ఆ పిల్లో పిల్లవాడో ఉద్యోగంలో చేరి నెల కూడా అయ్యుండదు, తిట్లన్నీ వాళ్ళకి. ఇంకో సంగతి, మిగతా ఏజెన్సీలు కూడా ఆ పోస్టు చూస్తాయి. ఈమెకు మెయిల్ పెడితే బయటపెడుతుంది అని ఒకసారి పేరు పడితే మంచి ఆఫర్లు కూడా ఆగిపోతాయి.

అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న. వాళ్ళకు జవాబిచ్చారా?

మెట్లెక్కేపిల్ల
ఇంకా లేదు. పోస్టు పెడితే వాళ్ళకే అర్థమవుతుంది కదా అనుకున్నాను. పైగా ఏజెన్సీ అమ్మాయి చాలా మర్యాదగా రాసింది, కాదనడానికి మొహమాటంగా ఉంది.

తెరవెనుకమనిషి
అదే వద్దు. మర్యాదగా రాసినవాళ్ళకు మీ సమాధానం పోస్టులో చూసి తెలియకూడదు. ముందు మెయిల్, వాళ్ళు చదివారని తెలిశాకే పోస్టు. అటుపక్క ఏం జరుగుతుందంటే, వాళ్ళ షీట్‌లో మీ పేరు పక్కన ‘జవాబు రావాలి’ అని ఉంటుంది. బ్రాండ్ వాళ్ళు రోజూ అడుగుతుంటారు. మీరు త్వరగా వద్దంటే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు, ఎవరికీ కోపం రాదు. నాన్చి నాన్చి చివర్లో పోస్టు పెడితేనే కోపం.

మెయిల్లో ‘ప్రస్తుతం కుదరదు’, ‘షెడ్యూల్ బిజీ’ అని రాయకండి. అలా రాస్తే మేం క్యాలెండర్‌లో పెట్టుకుని వచ్చే నెల మళ్ళీ వస్తాం. ‘బడ్జెట్ సరిపోదు’ అంటే బడ్జెట్ పెంచి వస్తాం. మీరిచ్చే ప్రతి సాకూ మాకు ఒక బేరం. అసలు కారణం ఒక్కటే రాయండి, రెండో కారణం చేర్చకండి.

గుళికలడబ్బా
మందుల షాపులో పని నాది. డబ్బా మీద పదార్థాలు ఏం రాశారో ఒకసారి చూడండి. ఇలాంటి టీల్లో తరచూ ఉండేది సునాముఖి ఆకు. లేబుల్ మీద సెన్నా అని రాస్తారు.

మెట్లెక్కేపిల్ల
చూశాను. గ్రీన్ టీ, అల్లం, సెన్నా లీఫ్. మూడోదే చిన్న అక్షరాల్లో ఉంది.

గుళికలడబ్బా
అనుకున్నాను. సునాముఖి విరేచనానికి వాడే ఆకు. పనిచేసేది పెద్దపేగు మీద. మనం తిన్నదాంట్లో శక్తినిచ్చేదంతా దాదాపుగా చిన్నపేగులోనే ఒంటికి పట్టేసి ఉంటుంది కాబట్టి ఇది తాగి పోగొట్టుకునేది నీళ్ళు, లవణాలు. కాటా మీద అంకె తగ్గుతుంది, కొవ్వు అలాగే ఉంటుంది. మళ్ళీ కడుపునిండా నీళ్ళు తాగి మామూలుగా తింటే అంకె వెనక్కి వస్తుంది. అందుకే ‘రెండు రోజుల్లో తేడా’ అనే మాట నిజంలాగే కనిపిస్తుంది.

కానీ విషం అని మాత్రం రాయొద్దండీ. మలబద్ధకానికి అది ఎప్పటినుంచో ఉన్న మందే. డాక్టర్ చెప్పకుండా వారానికి మించి వాడొద్దని ఆ మందుల ప్యాకెట్ల మీద సాధారణంగా రాసి ఉంటుంది. అదే ఆకును రోజూ తాగే టీ అంటూ అమ్మినప్పుడు ఆ హెచ్చరిక కనబడకుండా పోతుంది. ఇంకోటి, గర్భం రాకుండా మాత్రలు వేసుకునేవాళ్ళకు విరేచనాలు ఎక్కువైతే మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చు. ఇది చాలామందికి తట్టదు.

మూడోకన్ను
చూశారా! ఇంత తెలిశాక కూడా పేరు చెప్పకుండా ‘నాకు పొసగదు’ అని సున్నితంగా తప్పుకుంటారా? కాలేజీ పిల్లలు తాగుతున్నారు దాన్ని. ఇది మర్యాద కాదు, పిరికితనం.

కథలపెట్టె
మూడోకన్ను గారి మాట తీసిపారేసేది కాదు. కానీ అది ఇంకో పోస్టు. ఆఫర్ కాదన్నాననేది ఒక కబురు, సునాముఖి ఏం చేస్తుందో చెప్పడం ఇంకో కబురు. రెండూ కలిపితే రెండోది కక్షలా కనిపిస్తుంది. విడిగా ఒక వీడియో చేసి ‘ఏ టీ కొన్నా లేబుల్ మీద ఈ పేరు వెతకండి’ అంటే ఒక్క బ్రాండ్ పేరూ ఎత్తకుండా అన్ని డబ్బాలకూ వర్తిస్తుంది.

మూడోకన్ను
వీడియో చేస్తానని చెప్పి ఎవరూ చేయరు. చూస్తాగా.

నేనూఒకక్రియేటర్ని
ఈ థ్రెడ్‌లో మాట్లాడాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇలాంటి టీకే నేను ప్రకటన చేశాను. అద్దె కట్టాల్సిన నెల అది. ప్రకటన అని స్పష్టంగా లేబుల్ పెట్టే చేశాను.

తర్వాత నా రంగంలోనే ఇంకొకావిడ అచ్చం మీ డ్రాఫ్ట్‌లాంటి పోస్టే పెట్టింది. ఎవరి పేరూ లేదు. ‘కొందరిలా అమ్ముడుపోలేను’ అనే మాట మాత్రం ఉంది. గంటలోపే ఆ ‘కొందరు’ ఎవరా అని జనం వెతుక్కుంటూ నా పేజీకి వచ్చారు. నా పాత ఫొటోల కింద కూడా తిట్లు. మా పాప ఫొటో కింద కూడా రాశారు. బ్రాండ్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు, దాని పేజీ ప్రశాంతంగా ఉంది. ఆవిడ నన్ను ఉద్దేశించి రాయలేదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ దెబ్బ తగిలింది నాకు.

మీరు బ్రాండ్‌ని కించపరచకూడదని అంత జాగ్రత్త పడుతున్నారు. ఆ జాగ్రత్త సాటివాళ్ళ మీద కూడా పెట్టండి.

మెట్లెక్కేపిల్ల
ఈ కోణం అస్సలు తట్టలేదండి. ఆ వాక్యం తీసేస్తున్నాను. మెయిల్ ఇలా రాశాను, చూడండి:

“నన్ను గుర్తుపెట్టుకుని రాసినందుకు, బ్రీఫ్ అంత వివరంగా పంపినందుకు థాంక్స్. ఈ టీకి నేను ప్రచారం చేయలేను. నా ఛానల్లో నేను చెప్పేది వ్యాయామంతో నిదానంగా మారడం గురించి. వ్యాయామానికి బదులుగా ఒక ఉత్పత్తిని చూపిస్తే నేను ఇన్నాళ్ళూ చెప్పినదానికి అది పొసగదు. స్క్రిప్టు మార్చినా ఈ నిర్ణయం మారదు, అందుకే ముందే చెప్తున్నాను. మీరు పంపిన డబ్బా సీలు తీయకుండా ఉంది, ఎక్కడికి తిప్పి పంపాలో చెప్పగలరు. మీ ప్రచారం గురించిన వివరాలు బయట ఎక్కడా చెప్పను.”

తెరవెనుకమనిషి
‘స్క్రిప్టు మార్చినా మారదు’ బాగుంది, రెండు మెయిళ్ళు తగ్గించారు. ఒక్కటి తేల్చుకోండి. వద్దంటున్నది ఈ టీనా, ఆ కంపెనీనా? వాళ్ళే రేపు వ్యాయామం చాప అమ్మితే?

మెట్లెక్కేపిల్ల
చాప అయితే వాడి చూసి ఆలోచిస్తాను. టీతోనే ఇబ్బంది.

తెరవెనుకమనిషి
అయితే ‘బరువు తగ్గిస్తామనే ఉత్పత్తులు దేనికీ చేయను, వ్యాయామ సామగ్రి అయితే పరిశీలిస్తాను’ అని ఒక వాక్యం కలపండి. ఆ వాక్యం ఏజెన్సీ షీట్‌లో నోట్‌గా పడుతుంది. ఆ తర్వాత మీకు డైట్ పిల్స్ మెయిళ్ళు రావడం తగ్గుతుంది. తలుపు తెరిచి ఉంచడం ఇష్టం లేకపోతే రాయకండి. ఉత్తినే మర్యాదకోసం ‘భవిష్యత్తులో తప్పకుండా కలిసి పనిచేద్దాం’ అనొద్దు, మేం నిజంగానే నమ్మి మళ్ళీ వస్తాం.

కొత్తఛానల్
డబ్బా తీసుకున్నాక పోస్టు చేయకపోతే తప్పు కాదా? నేనైతే ఫాలోవర్లకు గివ్‌అవే పెట్టేసేవాణ్ణి.

కథలపెట్టె
అడగకుండా పంపినదానికి బాకీ ఏమీ ఉండదు. వస్తువు తీసుకుంటే పోస్టు చేస్తానని మీరు ముందే ఒప్పుకుంటే వేరు. గివ్‌అవే మాత్రం అస్సలొద్దు. తను తాగనని చెప్పినదాన్ని ఫాలోవర్లకు పంచినట్టవుతుంది, పైగా పంచడం కూడా ప్రచారమే. ఉచితంగా వచ్చిన వస్తువును చూపించినా ఆ సంగతి చెప్పాలని చాలా దేశాల ప్రకటన నియమాల్లో ఉంది.

మెట్లెక్కేపిల్ల
మెయిల్ పంపాను. పోస్టు రెండో డ్రాఫ్ట్:

“బరువు తగ్గించే టీల గురించి కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు. అలాంటి ఒక టీకి ప్రచారం చేయమని నన్నూ అడిగారు, నేను చేయనని వాళ్ళకు చెప్పాను. వాళ్ళు నాతో మర్యాదగానే మాట్లాడారు. ఈ ఛానల్లో నేను చూపించేది నెమ్మదిగా, వ్యాయామంతో వచ్చే మార్పు. దానికి బదులుగా పనిచేస్తుందనే ఉత్పత్తిని ఇదే ఛానల్లో చూపిస్తే నా మాటే నాకు ఎదురు తిరుగుతుంది. ఇది నా ఛానల్‌కి సంబంధించిన నిర్ణయం. ఇలాంటి ప్రకటనలు చేసినవాళ్ళ గురించి ఇందులో ఏమీ అనడం లేదు, దయచేసి ఎవరి పేజీకీ వెళ్ళి అడగకండి. ఏ బ్రాండో చెప్పను. లేబుల్ చదవడం గురించి విడిగా ఒక వీడియో పెడతాను.”

నవ్వులచంద్రం
మొదటి డ్రాఫ్ట్ రాసింది మీరేనా, మీ అకౌంట్ ఎవరైనా హ్యాక్ చేశారా అప్పట్లో?

నేనూఒకక్రియేటర్ని
ఇలా రాసి ఉంటే నాకు ఆ తిప్పలు ఉండేవి కాదు. ‘పెద్ద బ్రాండ్’, ‘భారీ ఆఫర్’ తీసేయడం కూడా మంచిదైంది. అవి ఉంటే గొప్ప చెప్పుకుంటున్నట్టు ఉండేది, పైగా ఎవరా అని ఊహించడానికి జనానికి ఆధారం కూడా.

లాపాయింటు
‘వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు’ ఎందుకు? అనవసరం.

తెరవెనుకమనిషి
నాకైతే ఉంచాలనిపిస్తోంది. నిజమైతేనే. అది లేకపోతే చదివేవాళ్ళు ఏదో బెదిరింపు జరిగిందని ఊహించుకుంటారు. ఆ ఏజెన్సీ అమ్మాయి ఈ పోస్టు చదివినప్పుడు కూడా తేడా ఉంటుంది.

మూడోకన్ను
పోస్టు మర్యాదగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ పేరు దాచడం మీద నా మాట మారదు. లేబుల్ చదవమంటే చదివేవాళ్ళు ఎంతమంది? పేరు చెప్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

గుళికలడబ్బా
పేరు చెప్తే ఆ ఒక్క పేరు మానేసి, అదే ఆకు ఉన్న పక్క డబ్బా కొంటారండీ. రోజూ చూస్తున్నాను కౌంటర్ దగ్గర.

మూడోకన్ను
అది కూడా నిజమే, కానీ ఏదో ఒకటి మానేస్తారుగా.

మెట్లెక్కేపిల్ల
ఏజెన్సీ నుంచి జవాబొచ్చింది! ‘అర్థం చేసుకున్నాం’ అంటూనే ఫీజు పెంచారు. స్క్రిప్టులో ‘వర్కవుట్‌కి బదులు’ తీసేసి ‘వర్కవుట్‌తో పాటు’ అని మార్చారు. డబ్బా తిప్పి పంపక్కర్లేదు, ఉంచుకోమన్నారు. ఇప్పుడు కాస్త టెన్షన్‌గా ఉంది. వాళ్ళు నా కారణాన్నే తీర్చేశారు కదా?

తెరవెనుకమనిషి
చెప్పాగా, కారణం ఇస్తే దాన్ని తీర్చి వస్తారు. వాళ్ళ తప్పు కాదు, ఒకసారి తిరిగి అడగడం ఆ ఉద్యోగంలో భాగం. మిమ్మల్ని మీరు ఒక్కటే అడగండి. ‘వర్కవుట్‌తో పాటు’ అని చెప్తూ ఆ టీ తాగుతారా?

మెట్లెక్కేపిల్ల
సెన్నా సంగతి చదివాక అస్సలు తాగను.

తెరవెనుకమనిషి
మరింకేం. ‘కొత్త ప్రతిపాదనకు థాంక్స్, నా జవాబు అదే’ అని ఒక్క వాక్యం. కొత్త కారణం చెప్పకండి, ఫీజు ఊసెత్తకండి. పదార్థాల చర్చ మొదలుపెడితే వాళ్ళు ల్యాబ్ రిపోర్టులు పంపుతారు, మీరు వాదనలో కూరుకుపోతారు. మూడోసారి మెయిల్ వస్తే జవాబివ్వకపోయినా అమర్యాద కాదు.

కథలపెట్టె
డబ్బా ఉంచుకోమన్న మెయిల్ దాచుకోండి. ఎవరికీ ఇవ్వకండి, రీల్‌లో వెనకాల అల్మారాలో కూడా కనబడనివ్వకండి. వద్దన్న మనిషి వెనక ఆ డబ్బా కనిపిస్తే ఇక చూసుకోండి.

నవ్వులచంద్రం
అప్పుడు ఉచిత ప్రచారం అంటే ఇదేనని బ్రాండ్ వాళ్ళు పూలదండ పంపుతారు.

మెట్లెక్కేపిల్ల
ఒక్క వాక్యం మెయిల్ పంపాను, ‘సరేనండి, చాప లాంటిది వస్తే అడుగుతాం’ అని జవాబొచ్చింది. పోస్టు కూడా పెట్టేశాను. చాలామంది బాగానే తీసుకున్నారు. ఇప్పుడు కొత్త తలనొప్పి. కామెంట్లలో ఏ బ్రాండో ఊహిస్తున్నారు. ఒకరు ఒక పేరు రాశారు, దానికి బోలెడన్ని లైకులు. ఆ పేరు తప్పు! నన్ను అసలు సంప్రదించని కంపెనీ అది. ‘అది కాదు’ అని చెప్పాలా వద్దా?

లాపాయింటు
చెప్పాలి. లేకపోతే ఆ కంపెనీకి నష్టం, మీరు చూస్తూ ఊరుకున్నట్టు అవుతుంది.

నేనూఒకక్రియేటర్ని
ఒకటి కాదంటే రెండోది అడుగుతారు, అదీ కాదంటే మూడోది. ఏదో ఒక పేరు దగ్గర మీరు మౌనంగా ఉండిపోతారు, అదే సమాధానం అయిపోతుంది. నా విషయంలో జరిగింది అదే. ఆవిడ ‘వాళ్ళు కాదు, వీళ్ళు కాదు’ అంటూ పోయి నా పేరు దగ్గర ఆగింది.

తెరవెనుకమనిషి
పేరున్న కామెంట్లన్నీ తీసేయండి, ఒప్పైనా తప్పైనా. పైన ఒక కామెంట్ పిన్ చేయండి: ‘బ్రాండ్ పేర్లు, క్రియేటర్ల పేర్లు రాసిన కామెంట్లు ఏవైనా తీసేస్తున్నాను. తీసేశానంటే ఆ పేరే సరైనదని అర్థం కాదు.’ సెట్టింగ్స్‌లో కొన్ని మాటలున్న కామెంట్లు దాచే వీలు ఉంటుంది. తిరుగుతున్న పేర్లన్నీ అందులో వేయండి, అసలు పేరు ఒక్కదాన్నే వేసి ఊరుకోకండి.

లాపాయింటు
కానీ ఆ తప్పు పేరును ఇప్పటికే వందలమంది చూశారు. తీసేస్తే ‘నిజం కాబట్టే తీసేసింది’ అనుకుంటారు. పిన్ చేసిన కామెంట్ ఎంతమంది చదువుతారు? ఆ కంపెనీ అడిగితే ఏం చెప్తారు?

మెట్లెక్కేపిల్ల
అదే నా భయం కూడా. ఇప్పటికైతే పిన్ చేసి, ఆ కామెంట్ తీసేశాను. ఆ కంపెనీ వాళ్ళు రాస్తే వాళ్ళకు మాత్రం విడిగా ‘మీరు కాదు’ అని మెయిల్ ఇస్తాను.

తెరవెనుకమనిషి
విడిగా ఇచ్చిన మెయిల్ వాళ్ళు స్క్రీన్‌షాట్ తీసి పోస్టు చేస్తే?

నవ్వులచంద్రం
అప్పుడు మూడోకన్ను గారికి స్క్రీన్‌షాట్ దొరికినట్టే.

మూడోకన్ను
నవ్వండి. లేబుల్ వీడియో ఎప్పుడో తేదీ చెప్పమనండి ముందు.

మెట్లెక్కేపిల్ల
ఆదివారం. గుళికలడబ్బా గారూ, స్క్రిప్టు మీకు పంపుతాను, మందుల సంగతి తప్పు రాస్తే దిద్దండి. మాత్రల విషయం కచ్చితంగా పెడుతున్నాను.

గుళికలడబ్బా
పంపండి. ‘సెన్నా’ ఒక్కటే కాదు, కొన్ని డబ్బాల మీద ‘కాసియా’ అని మొక్క పేరుతో రాస్తారు, అదీ చెప్పండి. కాకపోతే కాసియా అంటే దాల్చినచెక్క రకం కూడా ఉంది, అది వేరు. డబ్బా మీద పూర్తి పేరు చదవమనండి.